అమ్మ చిన్నప్పటి ఇల్లు వెతికిన డైరీ: ఒక ఫోటో, వెనకాల ఒక ఊరి పేరు

నేను ఉండేది బర్మింగ్‌హామ్‌లో, పెరిగింది ఖరగ్‌పూర్‌లో, అమ్మ పుట్టింది "గుంటూరు జిల్లాలో". అమ్మ ఉన్నప్పుడు నేను ఇంతకు మించి అడగలేదు. అమ్మ పోయాక పెట్టె అడుగున ఒక ఫోటో దొరికింది. వెతకడానికి పట్టిన పద్నాలుగు నెలల్లో సగం కాలం నా తప్పుల వల్లే పోయింది కాబట్టి తప్పులే ఎక్కువగా రాస్తున్నా, ఇదే పని మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుందని. ఊరి పేరు పూర్తిగా చెప్పను, ఆ ఇంట్లో ఇప్పుడు వేరే కుటుంబం ఉంటోంది. ప్రతి దశ చివర అప్పటిదాకా పట్టిన గంటలు, ఖర్చు రాశా, విమానం టికెట్ లెక్కలో వెయ్యలేదు.

మొదట్లో చేతిలో ఉన్నవి

చదరంగా ఉన్న బ్లాక్ అండ్ వైట్ ఫోటో, బొమ్మ కొలత 56 మిల్లీమీటర్లు. అంటే 120 ఫిల్ములో 12 ఫోటోలు వచ్చే బాక్స్ కెమెరాతో తీసి, పెద్దది చెయ్యకుండా నెగెటివ్‌ని నేరుగా కాగితం మీద పెట్టి తీసిన ప్రింటు. ఇలాంటిది చూడ్డానికి చిన్నదే కానీ నెగెటివ్‌లో ఉన్నదంతా అందులో ఉంటుంది. ఫోటోలో పెంకుటిల్లు, చెక్క స్తంభాలున్న అరుగు, మూడు మెట్లు, మెట్ల పక్కన ఏడేళ్ళ పిల్ల (అమ్మ), నేల మీద పరిచిన గుడ్డ మీద ఏవో ముక్కలు, కుడి అంచున ఇంటికీ పక్క పాకకీ మధ్య సందులో దూరంగా ఒక స్తంభం. వెనకాల సిరాతో ఒకే ఒక్క మాట.

అమ్మ పుట్టింది 1958లో, 1967లో తాతయ్య పోయాక అమ్మమ్మ పిల్లల్ని తీసుకుని ఖరగ్‌పూర్ వచ్చేసింది. అంటే ఫోటో 1964–66 మధ్యది.

దశ 1: వెనకాల ఉన్న మాట చదవడం

మొదటి తప్పు ఇక్కడే. ఫోన్‌తో ఫోటో తీసి, జూమ్ చేసి, "కొత్తపల్లి" అని చదివేసి మూడు వారాలు కొత్తపల్లుల వెంట పడ్డా. సిరా వెలిసిపోయి గోధుమరంగుకి దిగింది, చివరి అక్షరం సగం కాగితంలోకి ఇంకిపోయింది, నాకు తెలిసిన పేరు కొత్తపల్లి కాబట్టి కళ్ళు అదే చదివాయి.

సరిగ్గా చేసింది ఇలా:

1. వెనక వైపుని ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 1200 డీపీఐలో కలర్‌లో స్కాన్ చేశా. వెనకవైపు కూడా కలరే, బ్లాక్ అండ్ వైట్‌లో చేస్తే తర్వాతి స్టెప్ కుదరదు.
2. ఫోటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో రంగుల్ని విడగొట్టి నీలం ఛానెల్ ఒక్కటే చూశా. గోధుమరంగు సిరా నీలంలో నల్లగా కనపడుతుంది, ఎరుపులో దాదాపు మాయమైపోతుంది.
3. గది చీకటి చేసి టార్చిని కాగితానికి ఆనించినట్టు పక్కనుంచి వేసి మళ్ళీ ఫోటో తీశా. పాళీ నొక్కిన గాడి నీడగా కనపడింది.

గాడిలో తేలింది ఏంటంటే "ప" పక్కన దీర్ఘం ఉంది, చివర సున్నా ఉంది. పల్లి కాదు పాలెం. కొత్తపాలెం. ముందువైపుని కూడా అదే 1200లో స్కాన్ చేశా, ఒక్కో పక్కకి దాదాపు 2,650 పిక్సెల్స్ వచ్చాయి, తర్వాత పనంతా ఈ ఫైల్ మీదే నడిచింది.

ఇప్పటిదాకా: 19 గంటలు (అందులో 13 వృథా), ఖర్చు 0.

దశ 2: లిస్టులో లేని ఊరు

2011 సెన్సస్ ఊళ్ళ లిస్టు దించుకుని గుంటూరు జిల్లాలో వెతికా. కొత్తపాలెం పేరుతో నాకు కావలసినట్టున్నది ఒక్కటీ తగల్లేదు. స్పెల్లింగ్ తేడా అనుకుని Kothapalem, Kottapalem, Kotta Palem, Kothapaliam అన్నీ మార్చి మార్చి కొట్టా. అసలు లోపం స్పెల్లింగ్‌లో లేదు, రెండు వేరే విషయాల్లో ఉంది. ఈ రెండూ మొదటే తెలిసుంటే నాకు నాలుగు నెలలు మిగిలేవి.

ఒకటి, సెన్సస్‌లో ఉండేది రెవెన్యూ గ్రామాలు. పాలేలు చాలా వరకు ఏదో ఒక పెద్ద గ్రామానికి శివారు, వాటి జనాభా, ఇళ్ళు, భూములు అన్నీ ఆ పెద్ద గ్రామం లెక్కలో కలిసిపోతాయి, విడిగా పేరు రాదు. అక్కడ పుట్టినవాళ్ళు మాత్రం జన్మలో పెద్ద గ్రామం పేరు చెప్పరు, మాది కొత్తపాలెం అంటారు. పైగా ఆ పేరే అలాంటిది, పాత ఊరికి ఎడంగా కొత్తగా నాలుగు ఇళ్ళు వేసుకుంటే అది కొత్తపాలెం అయిపోతుంది, ఎన్ని పాత ఊళ్ళుంటే అన్ని కొత్తపాలేలు ఉండొచ్చు.

రెండోది జిల్లా. అమ్మ చెప్పిన గుంటూరు జిల్లా 1967 నాటిది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డప్పుడు ఒంగోలు, చీరాల వైపంతా గుంటూరు నుంచి విడిపోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ జిల్లాలు విడగొట్టినప్పుడు బాపట్ల, పల్నాడు కొత్తగా వచ్చాయి. నేనేమో ఇప్పటి గుంటూరు మ్యాప్ ముందు పెట్టుకుని వెతుకుతున్నా, అది అమ్మ గుంటూరులో చిన్న ముక్క. ఊరు విడిచిన సంవత్సరం నాటి జిల్లా హద్దు గీసుకున్నాకే వెతకడం మొదలుపెట్టండి.

శివార్ల పేర్లు దొరికే చోట్లు రెండు కనిపించాయి. data.gov.in లో ఉన్న పిన్‌కోడ్ లిస్టు ఒకటి, బ్రాంచి పోస్టాఫీసు ఉన్న పాలెం అయితే అందులో పేరుంటుంది. రెండోది పాత మ్యాపులు. అమెరికా ఆర్మీ మ్యాప్ సర్వీస్ 1950ల్లో ఇండియా మొత్తానికి 1:250,000 స్కేలులో వేసిన U502 సిరీస్‌ని టెక్సాస్ యూనివర్సిటీ లైబ్రరీ సైట్‌లో పెట్టారు, ఉచితంగా దించుకోవచ్చు. ఒక సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు, ఇళ్ళు కనపడవు గానీ కాలవలు, రైలు పట్టాలు, కొన్ని చిన్న పాలేల పేర్లు కూడా ఉంటాయి.

మ్యాప్‌ని గూగుల్ ఎర్త్ ప్రోలో ఇమేజ్ ఓవర్‌లేగా పరిచా. మొదటిసారి చుట్టూ ఉన్న తెల్ల మార్జిన్‌తో సహా పరిచేశా, ఊళ్ళన్నీ కిలోమీటరున్నర పక్కకి జరిగి చెరువుల్లో పడ్డాయి. మార్జిన్ కత్తిరించి, కదలని చోట్లు మూడు పట్టుకుని (నిడుబ్రోలు, బాపట్ల, చీరాల రైల్వే స్టేషన్లు) వాటి మీద సరిగ్గా కూర్చునేదాకా లాగితే తేడా 400 మీటర్లకి దిగింది. ఈ స్కేలు మ్యాప్‌తో అంతకంటే బాగా నాకు రాలేదు.

పోస్టాఫీసులు, మ్యాపు, గూగుల్ మ్యాప్స్‌లో జనం పెట్టుకున్న పేర్లు కలిపి నా లిస్టులో తేలిన కొత్తపాలేలు 26.

ఇప్పటిదాకా: 71 గంటలు, ఖర్చు 0, మిగిలిన ఊళ్ళు 26.

దశ 3: కరెంటు స్తంభం కాదు

26ని తగ్గించాలి. ఫోటోలో స్తంభం ఉంది కదా, అంటే 1965కే కరెంటు వచ్చిన ఊరు, అలా అనుకున్నా. 1971 సెన్సస్ జిల్లా హ్యాండ్‌బుక్కుల్లో ప్రతి గ్రామానికీ బడి, ఆస్పత్రి, కరెంటు ఉన్నాయా లేవా అనే వివరం ఉంటుంది. 1971కి కూడా కరెంటు లేని గ్రామాల శివార్లు కొట్టేశా, 11 పోయాయి. చాలా శాస్త్రీయంగా చేశానని అనిపించింది. అసలు ఊరు ఆ 11లోనే పోయింది.

రెండు నెలల తర్వాత మిగతా 15లో ఏదీ కుదరక విసుగొచ్చి ఫోటోని మళ్ళీ మొదటినుంచి, ఏమీ తెలియనట్టు, ముక్కలు ముక్కలుగా చూశా. స్కాన్‌ని ఎనిమిది అడ్డాలు ఎనిమిది నిలువులుగా కోసి ఒక్కో గడికి "ఏముంది" అని మాత్రమే రాసుకున్నా, "అదేంటి" అని రాయలేదు. స్తంభం ఉన్న గడిలో రాసుకున్నది ఇది: నిలువు కర్ర, ఎడమకి కొంచెం వాలు, అడ్డ కమ్మీ లేదు, పింగాణీ కప్పులు లేవు, కొస నుంచి రెండు గీతలు ఏటవాలుగా కిందికి దిగుతున్నాయి, అడుగు కంచె వెనక ఉంది కనపడట్లేదు.

కరెంటు తీగ స్తంభం కొసనుంచి రెండు వైపులా నేలకి దిగదు. ఇది చదివి విజయవాడలో ఉన్న మా పెద్దమ్మ కొడుక్కి పంపా, అన్నయ్య ఒక్క చూపులో "అది పడవ తెరచాప కొయ్యరా, ఆ గీతలు మోకులు" అన్నాడు.

అక్కడితో పనంతా మారిపోయింది. ఇంటి వెనకాల పడవలు తిరిగే కాలవ ఉంది. మామూలు పంట కాలవల్లో తెరచాప పడవలు తిరగవు, లాకులున్న పెద్ద కాలవలే కావాలి. పాత గుంటూరు జిల్లాలో అలాంటిది ముఖ్యంగా కొమ్మమూరు కాలవ, దుగ్గిరాల దగ్గర మొదలై నైరుతిగా వెళ్ళి పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలవలో కలుస్తుంది, అటునుంచి మద్రాసు దాకా పడవలు సరుకు మోసేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ మోకుతో లాగేవాళ్ళు.

కొట్టేసిన 11ని వెనక్కి తెచ్చి, 26లో కాలవకి అర కిలోమీటరు లోపున్నవి ఏరా. ఓవర్‌లే తేడానే 400 మీటర్లు కాబట్టి అంతకంటే దగ్గరగా గీత గియ్యలేం. మిగిలినవి 5.

ఇప్పటిదాకా: 118 గంటలు, ఖర్చు 0, మిగిలిన ఊళ్ళు 5.

దశ 4: ఎండ ఏ వైపునుంచి

ఇల్లు ఏ ముఖమో తెలిస్తే కాలవకి ఏ గట్టున ఉందో తెలుస్తుంది. ఫోటోలో చూరు కింద గోడ పై సగం నీడ, కింది సగం, అరుగు, మెట్లు ఎండలో ఉన్నాయి, స్తంభాల నీడలు చూసేవాళ్ళకి కుడివైపు పడ్డాయి. నేను ఇరవై ఏళ్ళుగా ఇంగ్లాండులో ఉన్నా, ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణంలోనే. ముందు గోడకి ఎండ తగులుతోంది కాబట్టి ఇల్లు దక్షిణ ముఖం, కాలవ ఉత్తరాన అని తేల్చేశా. మళ్ళీ తప్పు.

దాన్ని సరిచేసింది ఆ గుడ్డ మీద ముక్కలు. పెద్దది చేసి చూస్తే మిరపకాయలు కావు, తొక్క తీసి పొడుగ్గా తరిగిన మామిడి ముక్కలు, మాగాయకి ఎండబెట్టినవి. అంటే మే, మహా అయితే జూన్ మొదలు. చీరాల దగ్గర అక్షాంశం సుమారు 15.8 డిగ్రీలు. మే మొదటి వారంలో సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా రోజు మొత్తం ఉత్తరం వైపే తిరుగుతాడు. మే చివర్లో ఉదయించేదే తూర్పుకి ఇరవై డిగ్రీలకి పైగా ఉత్తరంగా. ఆ రోజుల్లో దక్షిణ ముఖం గోడకి అసలు ఎండే తగలదు. సన్‌కాల్క్ సైట్‌లో ఆ చోటు, మే 25 పెట్టి గంట గంటకీ చూసుకున్నా, అదే వచ్చింది.

కాబట్టి ఇల్లు ఉత్తర ముఖం. చూసేవాళ్ళ ఎడమ తూర్పు, నీడలు కుడికి పడ్డాయి అంటే పొద్దున పూట, మాగాయ ముక్కలు ఎండలో వేసే వేళ. కాలవ ఇంటికి దక్షిణాన ఉంది, ఇల్లు కాలవకి ఉత్తరపు గట్టున. 5లో 2 అవతలి గట్టున ఉన్నాయి, పోయాయి.

కొలత కూడా ఒకటి తీశా. పైన ఉన్నవి గూన పెంకులు కాదు, బెంగుళూరు పెంకులు. ఒక్కో పెంకు వెడల్పు 23 సెంటీమీటర్ల చిల్లర, పక్కదాని మీదికి ఎక్కేది పోగా 20–21 లెక్కేసుకోవచ్చు. ముందువైపు వరసలో 44 పెంకులు లెక్క తేలాయి. అంటే కప్పు పొడవు 8.8 నుంచి 9.2 మీటర్లు. దీన్ని పట్టుకుని మూడు ఊళ్ళలో గూగుల్ ఎర్త్ రూలర్‌తో తొమ్మిది మీటర్ల పెంకు కప్పుల కోసం వెతికా, ఒక్కటీ కుదరలేదు. ఎందుకో ఊరెళ్ళాకే తెలిసింది.

ఇప్పటిదాకా: 140 గంటలు, ఖర్చు 0, మిగిలిన ఊళ్ళు 3.

దశ 5: రికార్డుల్లో తాతయ్య లేడు

ఈలోపు అన్నయ్య కాగితాల వైపునుంచి ప్రయత్నించాడు. మీభూమిలో అడంగల్, 1బీ చూశాడు, అవి పొలాలకి. పాత ఇళ్ళుండేది గ్రామకంఠంలో, గ్రామకంఠం మొత్తానికి ఒక సర్వే నంబరు ఉంటుంది గానీ అందులో ఏ ఇల్లు ఎవరిదో అడంగల్ చెప్పదు. ఇంటి వివరం ఉండేది పంచాయతీ ఇంటి పన్ను రిజిస్టరులో. ఆస్తి చేతులు మారిన వివరాలుండే ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, మనకి కావలసింది 1967కి ముందుది.

అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్స్ పుస్తకాల్లో చేత్తో వెతకాలి. ఒకటో ఇండెక్స్ మనుషుల పేర్లతో, రెండోది ఆస్తులతో. ఆస్తి దస్తావేజులకి సంబంధించిన ఈ ఇండెక్సుల్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, రిజిస్ట్రేషన్ చట్టంలో 57వ సెక్షన్ అది. మూడు ఊళ్ళూ ఒకే ఆఫీసు కిందకి రావడం కలిసొచ్చింది. 1955 నుంచి 1968 దాకా తాతయ్య ఇంటిపేరుతో వెతికించాడు. కొన్నట్టు లేదు, అమ్మినట్టు లేదు.

నాకు చాలా కుంగుబాటుగా అనిపించింది, మూడూ తప్పేమో అనుకుని మళ్ళీ 26కి వెళ్ళబోయా. అన్నయ్య ఆపాడు. కాగితంలో లేకపోతే ఆయన పేరున ఆస్తి లేదని మాత్రమే అర్థం, ఆయన అక్కడ లేడని కాదు కదా అన్నాడు.

ఇప్పటిదాకా: 140 గంటలు + అన్నయ్యవి 2 రోజులు, ఖర్చు 1,900 రూపాయలు (ఫీజులు, ప్రయాణం), మిగిలిన ఊళ్ళు 3.

దశ 6: ఊళ్ళోకి

జనవరిలో వెళ్ళా. చీరాలలో దిగి కారు మాట్లాడుకున్నాం, రోజుకి 2,800.

మొదటి ఊరు: కాలవ, గట్టు సరిపోయాయి కానీ పాత ఇళ్ళన్నీ కాలవకి ముఖం పెట్టి ఉన్నాయి, వెనక కాలవ వచ్చే వరసే లేదు. గంటలో తేలిపోయింది.

రెండో ఊరిలో తప్పు నాదే. పద్ధతిగా ఉంటుందని ముందు పెద్ద గ్రామంలో సచివాలయానికి వెళ్ళి, మా తాతగారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చా, పాత రిజిస్టరు చూడొచ్చా అని అడిగా. ఏ సర్వే నంబరమ్మా అన్నారు. నేను రెండు కిలోమీటర్లు నడిచి పాలెంలోకి వెళ్ళేసరికి మాట ముందే చేరిపోయింది, ఫారిన్ ఆవిడ స్థలం కోసం వచ్చిందని. ఎవరిని అడిగినా "ఏమోనమ్మా, మాకు తెల్వదు". ఒకాయన ఫోటో చేతిలోకి కూడా తీసుకోలేదు. వాళ్ళ భయం న్యాయమైందే, గ్రామకంఠంలో చాలామంది దగ్గర స్వాధీనం తప్ప కాగితం ఉండదు, యాభై ఏళ్ళ తర్వాత ఎవరో పాత ఫోటో పట్టుకొస్తే ఏమనుకుంటారు.

మర్నాడు అదే ఊళ్ళో మార్చినవి:

1. సచివాలయం వైపు వెళ్ళలేదు. పొద్దున్నే రామాలయం అరుగు మీద కూర్చున్నా, అన్నయ్య, నేను, ఫైళ్ళు లేకుండా.
2. మొదటి మాటే "మాకు స్థలం ఏమీ వద్దండీ, మా అమ్మ ఇక్కడ ఆడుకుంది, ఒకసారి చూసి వెళ్తాం" అని.
3. ఫోన్‌లో చూపించడం మానేశా. ఫోటోని ఏ4 సైజులో మాట్ కాగితం మీద ప్రింటు తీసుకెళ్ళా. శుక్లాలు ఉన్న పెద్దవాళ్ళకి మెరిసే తెర మీద ఏమీ కనపడదు.
4. ఫోటో చూపించే ముందే ప్రశ్నలు అడిగా. ముందు చూపిస్తే ఫోటోలో ఉన్నదే వాళ్ళకి గుర్తున్నట్టు చెప్తారు, అబద్ధం కాదు, జ్ఞాపకం అలా అతుక్కుపోతుంది.

పదింటికి ఒక మామ్మ వచ్చింది, ఎనభై దాటి ఉంటాయి. తాతయ్య పేరు చెప్తే తెలియదంది. ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు, ఆయన పోయాక భార్య పిల్లల్ని తీసుకుని రైలెక్కి ఎటో వెళ్ళిపోయింది అని చెప్పా. మామ్మ కొంచెంసేపు నా మొహమే చూసింది.

"పడవల గుమాస్తా పిల్లలా?"

"ఆయన పడవల్లో పని చేసేవాడా మామ్మగారూ?"

"పన్జెయ్యటం కాదమ్మాయ్, పడవలోళ్ళ సరుకు లెక్కలు రాసేవోడు. గుమాస్తాగారనే అనేవాళ్ళం, పేరెవురికి తెలుసు. ఆ ఇల్లు ఆయనది గాదు, అద్దెకుండేవోళ్ళు. మీ అమ్మమ్మ మాగాయ పెడితే మా ఇంటికి పంపేది."

మాగాయ గురించి నేను ఇంకా ఏమీ అనలేదు. ఫోటో అప్పటికి సంచీలోనే ఉంది.

అద్దె ఇల్లు. అందుకే ఇండెక్సులో లేడు. నేను పద్నాలుగు నెలలు "మా తాతయ్య ఇల్లు" అని వెతికా, అది ఆయన ఉన్న ఇల్లు.

ఇప్పటిదాకా: 140 గంటలు + 3 రోజులు, ఖర్చు 1,900 + కారు 8,400 + ప్రింట్లు 160 = 10,460 రూపాయలు.

దశ 7: అదేనా అని చూసుకోవడం

మామ్మ మా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. నేను ఆ ఇంటిని చూసి గుర్తుపట్టలేదు. పైన పెంకులు లేవు, సిమెంటు రేకులు. అరుగుకి చెక్క స్తంభాలు లేవు, ఇటుక దిమ్మెలు. 1977 నవంబరు తుఫానుకి పెంకులన్నీ లేచిపోయాయట, మరుసటేడు రేకులు వేసుకున్నారు, చూరు కూడా కురచ చేశారు. నేను ఉపగ్రహం ఫోటోలో వెతికిన తొమ్మిది మీటర్ల పెంకు కప్పు నలభై ఏళ్ళ క్రితమే పోయింది. కప్పు మారుతుంది, అడుగు మారదు, అరుగు కొలత తీసుకుని ఉండాల్సింది.

ఒక మనిషి మాట మీదే ఒప్పుకోకూడదని ముందే అనుకున్నా కాబట్టి, ఇంటివాళ్ళని అడిగి (ఇంటావిడ ఇంకా కొంచెం బెదురుగానే ఉంది, మామ్మ సర్దిచెప్పింది) నాలుగు చూసుకున్నా.

అరుగు పొడవు టేపుతో 8.37 మీటర్లు. రెండు పక్కలా పెంకుల కప్పు 40 సెంటీమీటర్ల చొప్పున బయటికి వచ్చేదనుకుంటే 9.17, నా లెక్క లోపలే ఉంది. దిక్సూచి ముందు గోడకి 352 డిగ్రీలు చూపించింది, ఆ ప్రాంతంలో దిక్సూచి తేడా ఒక డిగ్రీ అటూఇటూ మాత్రమే, అంటే ఉత్తర ముఖమే. వెనక గోడ నుంచి కాలవ గట్టు 31 మీటర్లు, కాలవ నిండా ఇప్పుడు గుర్రపు డెక్క, పడవ పోయేంత నీళ్ళు కూడా కనపడవు.

నాలుగోది మెట్లు. ఫోటోలో మధ్య మెట్టు అంచు గుండ్రంగా ఉంటుంది, నేను అది ప్రింటులో మరక అనుకునేదాన్ని. వంగి చూస్తే అది విరిగిన తిరగలి రాయి, సగం, గుండ్రం వైపు బయటికి పెట్టి మెట్టుగా వేశారు. మీద సున్నం పొరలు పొరలుగా ఉంది, ఇంటావిడ గీకి చూపించింది, గాట్లు ఇంకా చేతికి తగులుతున్నాయి. ఫోటోలో అమ్మ ఎడం పాదం ఆ రాయి పక్కనే ఉంది.

మూడో ఊరికి కూడా వెళ్ళొచ్చా, మనసులో అనుమానం మిగలకూడదని. అక్కడ పాత ఇళ్ళు రెండే, రెండూ తూర్పు ముఖం.

మిగిలిన పని

ఫోటో ఎవరు తీశారో తెలియలేదు. ఇంటివాళ్ళకి ఒక ప్రింటు, మామ్మకి ఒకటి ఇచ్చా. నా కాపీ వెనకాల సిరాతో కాకుండా మెత్తటి పెన్సిల్‌తో రాశా, సిరా ఏమవుతుందో చూశా కాబట్టి, మా అమ్మాయి మళ్ళీ ఒక్క మాట పట్టుకుని వెతక్కుండా ఇలా:

"కొత్తపాలెం (పెద్ద గ్రామం పేరు, పిన్‌కోడ్). కొమ్మమూరు కాలవ ఉత్తర గట్టు. 1970 దాకా గుంటూరు జిల్లా, 2022 దాకా ప్రకాశం, ఇప్పుడు బాపట్ల. ఉత్తర ముఖం. అద్దె ఇల్లు. 1964–66 మధ్య ఒక మే నెల పొద్దున. మెట్ల దగ్గర ఉన్నది అమ్మ, గుడ్డ మీద ఉన్నవి అమ్మమ్మ మాగాయ ముక్కలు, వెనకాల ఉన్నది పడవ."